చీలిన సభలో వక్తకు ముందు నాలుగు నిమిషాలు

ప్రశ్న: "కారుణ్య మరణం మీద ఒక వైద్యురాలి ప్రసంగం పెట్టాం. దానికి చట్టం ఒప్పుకోవాలన్నది ఆవిడ పక్షం. వచ్చే 80 మందిలో సగం మంది గట్టిగా వ్యతిరేకిస్తారు. ఆవిడ మొదలుపెట్టేలోపు నియమాలు చెప్పి, మేం ఎవరి పక్షమూ కాదని చెప్పాల్సింది నేను. ఏం చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి?"

నాలుగు నిమిషాలు చాలండి. వరుస మాత్రం తప్పకండి. ఇవాళ దేని గురించి మాట్లాడుకుంటున్నాం, దేని గురించి కాదు అన్నది మొదట. ఏ విషయంలో మీరు పక్షం వహించరో ఆ తర్వాత. తర్వాత నాలుగు నియమాలు, అవి తప్పితే ఏం చేస్తారన్నది. ఆ తర్వాత, మధ్యలో లేచి వెళ్ళాలనిపించినవారికి ఒక మాట. వక్త పరిచయం అన్నిటికన్నా చివర. మొత్తం కాగితం మీద రాసుకుని చూసి చదవండి. ఇలాంటి సభలో అలవాటుగా నోట్లోంచి జారిన ఒక్క విశేషణం చాలు, సగం గది మీకు దూరం కావడానికి.

పరిచయాన్ని చివర పెట్టమనడానికి కారణం ఉంది. వక్త పేరు, అర్హతలు ముందే చెప్పేస్తే, వెనకాల వచ్చే నియమాలన్నీ ఆవిడకు అడ్డుగోడగా కట్టినట్టు వినిపిస్తాయి. నియమాలు ముందొస్తే అవి గదిలో అందరివీ అవుతాయి. వక్త కూడా వాటి కిందికే వస్తారు.

పేరు దగ్గరే సగం తగాదా ఉంది

"కారుణ్య మరణం" అన్న మాటలోనే తీర్పు ఉంది. దాన్ని కారుణ్యం అన్నాక, కాదనేవాడు కరుణ లేనివాడే కదా. అవతలివారు దాన్నే "హత్య" అంటారు, అందులోనూ తీర్పు ఉంది. "ఆత్మహత్యకు సాయం" అన్నా అంతే. అందుకని మీ నోట మాత్రం జరిగే పనిని వర్ణించే మాటే రావాలి. "వైద్యుల సాయంతో మరణం" అంటే సరిపోతుంది. కొంచెం పొడిగానే ఉంటుంది, ఉండనివ్వండి. వక్త తన మాట తాను వాడుకుంటారు, ప్రశ్న వేసేవారు తమ మాట వాడుకుంటారు, వాళ్ళను దిద్దకండి. కానీ ఎవరి ప్రశ్ననైనా మైకులో మీరు మళ్ళీ చెప్పాల్సి వస్తే మీ మాటతోనే చెప్పండి. అడిగినాయన "హత్య" అన్నారని మీరూ "హత్య" అంటే ఒక వైపు జారారు. అడిగినావిడ "విముక్తి" అన్నారని మీరూ అంటే ఇంకో వైపు జారారు.

ప్రకటనలో ఇప్పటికే "కారుణ్య మరణం" అని అచ్చయి ఉంటే దాచిపెట్టకండి. "అందరికీ తెలిసిన పేరు కాబట్టి ప్రకటనలో అలా వేశాం. ఆ పేరుకు అందరూ ఒప్పుకోరని తెలుసు, అందుకే ఇక్కడ నేను వేరే మాట వాడుతున్నాను" అని ఒక్కసారి చెప్పి ముందుకు సాగండి.

ఆ తర్వాత హద్దు గీయాలి. ఈ ఒక్క పేరు కింద జనం మూడు వేర్వేరు పనులను కలిపేస్తారు. బతికించే చికిత్సను ఆపేయడం లేదా మొదలుపెట్టకపోవడం ఒకటి. రోగి కోరిక మీద వైద్యుడే ప్రాణం తీసే మందు ఇవ్వడం రెండోది. మందు వైద్యుడు రాసిస్తే రోగి తన చేత్తో తాను తీసుకోవడం మూడోది. చట్టాలు కూడా వీటిని విడివిడిగానే చూస్తాయి. నెదర్లాండ్స్‌లో 2002లో అమల్లోకి వచ్చిన చట్టం చివరి రెండింటినీ షరతులతో అనుమతిస్తుంది. స్విట్జర్లాండ్‌లో స్వార్థం లేకుండా చేసే మూడో రకం సాయం నేరం కాదు, రెండోది మాత్రం నేరమే. హద్దు గీయకపోతే, వెంటిలేటర్ తీయించిన కుటుంబం ఒకటి తమను హంతకులన్నారని బాధపడుతుంది. అన్నాయన మనసులో ఉన్నది ఇంజక్షన్ సంగతి. ఇద్దరూ నిజాయతీగానే మాట్లాడతారు, ఎవరి మాటా అవతలివారికి అందదు. ఇవాళ వక్త ఏ పని గురించి మాట్లాడుతున్నారో ఆవిడనే ముందుగా అడిగి, ఆ ఒక్కదాన్నే రెండు వాక్యాల్లో చెప్పండి. మూడింటి గురించీ పాఠం చెప్పక్కర్లేదు, అది వక్త పని.

"మేం తటస్థం" అన్న మాట ఎందుకు నిలవదు

వ్యతిరేకించేవారి వైపు నుంచి చూడండి. ఒక్కరే వక్త, ఆవిడ చట్టం కావాలనే మనిషి, పిలిచింది మీరు. ఈ స్థితిలో "మేం ఎవరి పక్షమూ కాదు" అని మొదలుపెడితే ముందు వరుసలోనే ఎవరో ఒకరు పెదవి విరుస్తారు, అది న్యాయమే కూడా. ఏ విషయంలో తటస్థమో, ఏ విషయంలో కాదో విడదీసి చెబితేనే వింటారు.

మీ సంస్థ ఈ విషయం మీద నిజంగా ఏ తీర్మానమూ చేయకపోతే ఆ సంగతి చెప్పండి. చేసి ఉంటే తటస్థత మాటే ఎత్తకండి. "మా సంస్థకు ఒక వైఖరి ఉంది, అది ఇది. ఈ సాయంత్రం సభ నడపడంలో మాత్రం ఇద్దరికీ ఒకటే పద్ధతి" అనండి. వైఖరి ఉన్నదని ఒప్పుకుంటే పోయేదేం లేదు. దాచింది మధ్యలో బయటపడితే ఆ సాయంత్రం ఇక నిలబడదు.

మీ వంతు వాగ్దానం ఎవరైనా సరిచూడగలిగేలా ఉండాలి. మూడు చాలు. నా అభిప్రాయం చెప్పను. ఒప్పుకునేవారికీ ఒప్పుకోనివారికీ ప్రశ్నల వంతు ఒకటి విడిచి ఒకటి ఇస్తాను. నియమాలు వక్తకూ వర్తింపజేస్తాను. గదిలో ఉన్నవారు గడియారం చూసి, వంతులు లెక్కపెట్టి మీరు మాట మీద ఉన్నారో లేదో తేల్చుకోగలరు. "నిష్పక్షపాతంగా ఉంటాను" అన్న మాటను లెక్కపెట్టడం కుదరదు.

వంతు మార్చి ఇవ్వాలంటే ఎవరు ఎటువైపో మీకెలా తెలుస్తుందని సందేహం వస్తుంది. ముఖం చూసి ఊహించకండి, వేషం చూసి అసలే ఊహించకండి. రెండు మైకులు పెట్టి, వక్తతో ఏకీభవించేవారు ఒక దాని దగ్గర, విభేదించేవారు రెండోదాని దగ్గర నిలబడమనడం తేలిక పద్ధతి. ఎటూ తేల్చుకోనివారు ఏ వరుసలోనైనా నిలబడవచ్చు. నలుగురి ముందు అలా బయటపడటం జనానికి ఇబ్బంది అనుకుంటే చీటీలు పంచండి. చీటీ మూలన "ఏకీభావం", "విభేదం", "ఇంకా తేల్చుకోలేదు" అని మూడు గళ్ళు వేస్తే మీరు వరుస కూర్చుకోవచ్చు. ఇంత సున్నితమైన విషయానికి నేనైతే చీటీలనే ఎంచుకుంటాను.

ఇంకొకటి. తటస్థత అభిప్రాయాల మధ్య ఉంటుంది, సరిచూడదగిన సంగతుల మధ్య ఉండదు. "ఏ దేశంలోనూ దీనికి చట్టం లేదు" అని ఎవరైనా అంటే అది అభిప్రాయం కాదు, తప్పు. "అందరి మాటా గౌరవిద్దాం" అని దాన్ని వదిలేస్తే మీరు తటస్థంగా ఉన్నట్టు కాదు. అలాంటి సంగతి వస్తే ఆధారం అడుగుతానని, అది వక్త చెప్పినా అడుగుతానని ముందే చెప్పి పెట్టుకోండి.

నియమాలు నాలుగు, ప్రతిదానికీ ఒక చర్య

"దయచేసి అందరూ గౌరవంగా మాట్లాడండి" అన్నది నియమం కాదు. గదిలో ప్రతి ఒక్కరూ తాము గౌరవంగానే మాట్లాడుతున్నామనుకుంటారు, కాబట్టి అది ఎవరినీ ఆపదు. ఎవరైనా దాటితే మీరు చూపించడానికీ ఏమీ ఉండదు. నియమం కంటికి కనబడే, చెవికి వినబడే పనిని గురించి ఉండాలి.

మొదటిది వినడం గురించి. వక్త మాట్లాడే 35 నిమిషాలూ మధ్యలో ప్రశ్నలు, కేకలు, చప్పట్లు ఉండవు. చప్పట్లు ఎందుకు వద్దో ఒక ముక్కలో చెప్పండి. చీలిన గదిలో చప్పట్లు ఓట్లవుతాయి. ఒకచోట గట్టిగా మోగగానే అవతలివారు తాము తక్కువ మందిమని లెక్కేసుకుని నోరు మూసుకుంటారు, లేదా తమ వంతు కోసం కాచుకుంటారు. చివర ఒకసారి కొట్టుకోవచ్చు.

రెండోది ప్రశ్న కొలత. ఒక్కొక్కరికి ఒక నిమిషం, ఒకే ప్రశ్న, చివర ప్రశ్నార్థకం రావాలి. వక్త జవాబు తృప్తినివ్వకపోతే ఇంకో 20 సెకన్లు. చీటీల పద్ధతిలో రాసినవారే లేచి చదవాలి. గొంతు వణికేవారుంటే మీరు చదివిపెడతానని చెప్పండి. నిమిషం కాగానే గంట మోగుతుందని చెప్పి, ఆ గంటను ఒకసారి మోగించి వినిపించండి. చప్పుడు ముందే విన్నవారికి తర్వాత అది అవమానంగా తోచదు.

మూడోది మాట ఎవరి మీద అన్నది. చెప్పిన మాటను విమర్శించవచ్చు, చెప్పిన మనిషి ఉద్దేశాన్ని కాదు. అమెరికా సైనికాధికారి హెన్రీ రాబర్ట్ 1876లో అచ్చేసిన సభా నియమావళి ఈ గీతే గీసింది. అవతలివారి ఉద్దేశాలను ఎత్తిచూపకూడదు, మాటలన్నీ అధ్యక్షస్థానానికే చెప్పాలి. ఈ రెండో సగం చాలామంది వదిలేస్తారు, నిజానికి పని చేసేది అదే. "మీరు" అని ఎదుటివారి ముఖం మీదికి వెళ్ళే వాక్యం మీ వైపు తిరగ్గానే సగం వేడి తగ్గుతుంది. ఇక్కడ ఒక ఉదాహరణ చెప్పండి. "ఈ వాదన వృద్ధుల మీద ఒత్తిడి తెస్తుంది" అనవచ్చు. "మీలాంటివాళ్ళకు ముసలివాళ్ళు బరువు" అనకూడదు. అవతలివైపు నుంచి కూడా ఒకటి చెప్పండి. "నొప్పితో ఉన్నవారికి ఈ వాదనలో జవాబు లేదు" అనవచ్చు, "మతం తలకెక్కినవాళ్ళు ఇలాగే అంటారు" అనకూడదు. రెండు ఉదాహరణలూ ఒకే వైపు నుంచి తీసుకుంటే మీ తటస్థత అక్కడికక్కడే పోతుంది. ఇది చాలా తరచుగా జరిగే పొరపాటు.

నాలుగోది బయటికి ఏం వెళ్ళవచ్చన్నది. వక్త ప్రసంగాన్ని రికార్డు చేస్తున్నట్టయితే చెప్పండి, ప్రశ్నోత్తరాలు మొదలయ్యేసరికి ఆపేయండి. అక్కడినుంచి చాతమ్ హౌస్ నియమం పెట్టుకోవచ్చు. లండన్‌లోని ఆ సంస్థలో 1927 నుంచి ఉన్న నియమం అది. విన్న సంగతిని బయట వాడుకోవచ్చు, ఎవరన్నారో, వారు ఏ సంస్థవారో బయటపెట్టకూడదు. పేరు మాత్రం చెప్పి ఊరుకోకండి. "ఇక్కడి మాట ఏదీ బయటికి పోకూడదు" అని చాలామంది దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. అర్థాన్నే ఒక వాక్యంలో చెప్పండి.

చర్య కూడా అప్పుడే చెప్పాలి. మొదటిసారి నియమం పేరెత్తి గుర్తుచేస్తాను, రెండోసారి మైకు తర్వాతివారికి వెళుతుంది. తీర్పు నాది. దానిమీద ఫిర్యాదు ఉంటే సభ అయ్యాక ఇక్కడే ఉంటాను, చెప్పండి. నాలుగు నియమాలకు మించితే జనం బడిపిల్లల్లా కూర్చుంటారు, ఒక్కటీ గుర్తుండదు.

లేచి వెళ్ళేవారి కోసం

80 మందిలో ఇలాంటి నిర్ణయం మంచం పక్కన నిలబడి తీసుకున్నవారు ఉండొచ్చు. ఇప్పుడు తీసుకోవాల్సి ఉన్నవారూ ఉండొచ్చు. వాళ్ళ కోసం ఒక్క వాక్యం చాలు, గొంతు మార్చకుండా. "ఎందుకు వెళ్తున్నారని ఎవరూ అడగరు, వెనక తలుపు తెరిచే ఉంటుంది, పక్క గదిలో మా మనిషి ఒకరు ఉంటారు." తలుపు ఏ వైపో చేత్తో చూపించండి. ఆ పక్క గది మనిషి నిజంగా ఉండాలి సుమా. ఉత్తుత్తి హామీ వద్దు.

మందు పేర్లు, మోతాదులు, పద్ధతుల వివరాలు ఈ సభలో రావు అని కూడా ఇక్కడే చెప్పేయండి. ఆత్మహత్యల వార్తల్లో పద్ధతిని వర్ణించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలకు చెబుతుంది. ఆ జాగ్రత్త ఇక్కడా అవసరమే. వక్తతో ముందే ఒప్పించుకోండి.

మొత్తం కలిపి చదివితే ఇలా ఉంటుంది

> అందరికీ నమస్కారం. ఇవాళ మాట్లాడుకునేది నయం కాని జబ్బుతో ఉన్న రోగి కోరితే, వైద్యుడి సాయంతో మరణించడాన్ని చట్టం అనుమతించాలా అన్న ప్రశ్న గురించి. చికిత్స ఆపేయడం గురించి కాదు, అది వేరే సంగతి.
>
> ఈ ప్రశ్న మీద మా సంస్థ ఏ తీర్మానమూ చేయలేదు. ఇవాళ్టి వక్తకు మాత్రం ఒక వైఖరి ఉంది. చట్టం ఉండాలన్నది వారి వాదన, దాన్ని వారు దాచరు. మీలో చాలామంది ఒప్పుకోరని మాకూ తెలుసు, వారికీ తెలుసు. నా అభిప్రాయం ఇవాళ చెప్పను. ఏకీభవించేవారికీ విభేదించేవారికీ వంతులు మార్చి మార్చి ఇస్తాను. నియమాలు వేదిక మీద ఉన్నవారికీ వర్తిస్తాయి.
>
> నియమాలు నాలుగు. ప్రసంగం అయ్యేవరకూ చప్పట్లతో సహా ఏదీ వద్దు. తర్వాత ఒక్కొక్కరికి ఒక నిమిషం, ఒక ప్రశ్న, ఈ గంట మోగితే ముగించాలి. మాటను విమర్శించండి, మనిషి ఉద్దేశాన్ని కాదు. ప్రశ్నోత్తరాల్లో విన్నది బయట చెప్పుకోవచ్చు, ఎవరన్నారో చెప్పకూడదు. తప్పితే ఒకసారి గుర్తుచేస్తాను, రెండోసారి మైకు తర్వాతివారికి వెళుతుంది.
>
> ఈ గదిలో ఇలాంటి నిర్ణయాన్ని దగ్గరగా చూసినవారు ఉండవచ్చు. ఎప్పుడైనా లేచి వెళ్ళవచ్చు. ఆ తలుపు తెరిచే ఉంటుంది, పక్క గదిలో మా సహచరులొకరు ఉంటారు. మందుల వివరాలేవీ ఇక్కడ రావు.
>
> డాక్టర్ ఫలానా ఇన్నేళ్ళుగా ఉపశమన చికిత్స విభాగంలో పనిచేస్తున్నారు. ఈ చట్టం కోసం జరిగే ప్రచారంలో సభ్యులు. 35 నిమిషాలు మాట్లాడతారు.

మూడో పేరాలో, "మనిషి ఉద్దేశాన్ని కాదు" అన్న చోట పైన చెప్పిన రెండు ఉదాహరణలు చేర్చుకోండి. తీరిగ్గా చదివితే అంతా నాలుగు నిమిషాల్లోపే అవుతుంది. గట్టిగా చదివి, గడియారం పెట్టుకుని చూసుకోండి. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది.

చివరి పేరా గమనించండి. "ప్రఖ్యాత" లేదు, "నిర్భయంగా గళమెత్తిన" లేదు. ప్రచారంలో సభ్యులన్న సంగతి ఉంది. అది మీరు చెప్పకపోతే మూడో ప్రశ్నలో ఎవరో చెబుతారు, అప్పుడది బట్టబయలు చేసినట్టుంటుంది.

ముందురోజుల్లో చేయాల్సినవి

రెండు మూడు రోజుల ముందు ఈ కాగితం వక్తకు చదివి వినిపించండి. నియమాలు తనకూ వర్తిస్తాయని అప్పుడే ఒప్పుకోవాలి. లేకపోతే మొదటి ఉల్లంఘన వేదిక మీదే జరుగుతుంది. "కొందరు మూఢులు" అని ఆవిడ అంటే, ప్రశ్నల్లో ఎవరినీ ఆపే హక్కు మీకు మిగలదు.

తర్వాత ఏకీభవించేవారొకరికి, విభేదించేవారొకరికి విడివిడిగా చదివించండి. "ఎలా ఉంది" అని అడగకండి, బాగుందనే అంటారు. "ఎక్కడ చివుక్కుమంది" అని అడగండి. ఇద్దరూ తలో వాక్యం చూపిస్తే రెండూ తిరగరాయండి. ఒకరు నాలుగు వాక్యాలు చూపించి, రెండోవారు "అంతా బావుంది" అంటే కాగితం ఒక వైపు వాలిందన్నమాట.

చదివేటప్పుడు చెడేవి

"దయచేసి గొడవ చేయకండి" అనకండి. గొడవ ఊసు లేనివారికి కూడా అది గుర్తుచేస్తుంది. హాస్యంతో మొదలుపెట్టకండి, మీరు ఎవరిమీద నవ్వారోనని రెండు వైపులా వెతుక్కుంటారు. "ఇవి వక్త సొంత అభిప్రాయాలు" అన్న మాట ఒకసారి చాలు. రెండోసారి అంటే పిలిచిన మనిషిని మీరే వదిలించుకుంటున్నట్టు ఉంటుంది. ప్రసంగం నడుస్తుండగా వేదిక మీద కూర్చుంటే తల ఊపకండి, నోట్సు రాసుకోండి. మీ తల ఆడిందా లేదా అని చూసేవారు ఉంటారు.

ఆలస్యంగా వచ్చేవారికి నియమాలు తెలియవు. తలుపు దగ్గర అర కాగితం మీద నాలుగు నియమాలూ ఉంచండి. ప్రశ్నోత్తరాలకు ముందు రెండో, మూడో నియమాలను రెండు వాక్యాల్లో మళ్ళీ చెప్పండి.

మొదటి ఉల్లంఘన

మీ నాలుగు నిమిషాల విలువ తేలేది ఇక్కడే. మొదట గీత దాటేది తరచుగా ఒక పెద్దమనిషే అవుతారు, లేదా మీరు లోలోపల ఏకీభవించే మనిషి. అక్కడ ఊరుకుంటే తర్వాత ఎవరినీ ఆపలేరు. కోపం వద్దు, ఉపన్యాసం వద్దు, వాక్యం సిద్ధంగా పెట్టుకోండి: "ఒక్క క్షణం అండీ, మూడో నియమం. ఉద్దేశం గురించి కాక వాదన గురించి అదే ప్రశ్న మళ్ళీ అడగండి, మీ నిమిషం మళ్ళీ మొదటినుంచి ఇస్తున్నాను." నిమిషం తిరిగి ఇవ్వడం ముఖ్యం. నోరు మూయించారన్న మాట రాదు, ప్రశ్న పోదు, నియమం నిలుస్తుంది. చాలామంది అక్కడే సర్దుకుని మెరుగైన ప్రశ్న అడుగుతారు. వక్త గీత దాటినా ఇదే వాక్యం, ఇదే గొంతు.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఒక పని మంచిదా కాదా అన్న చోట ఇది పనిచేస్తుంది. గదిలో కూర్చున్న కొందరు మనుషులకు తక్కినవారితో సమానమైన హక్కులు ఉండాలా అన్నదే చర్చాంశమైతే, రెండు మైకులు పెట్టి వంతులు మార్చి ఇవ్వడమే ఒక పక్షం వహించడం అవుతుంది. మీ విషయంలోనూ ఆ అంచు దగ్గరగానే ఉంది. "వికలాంగుల బతుకు బతుకేనా" వైపు చర్చ జారితే అది వైద్యుల సాయంతో మరణం గురించిన ప్రశ్న కాదు. "ఇవాళ్టి ప్రశ్న అది కాదు, మొదట చెప్పిన హద్దులోకి వద్దాం" అని అక్కడే ఆపండి. మొదటి నిమిషంలో హద్దు గీసి ఉంటేనే ఆ మాట అనగలుగుతారు.